డాట్ ఆర్గ్ హామీ కాదు

పంజాగుట్టలో జకాత్ సొమ్ముతో పేద విద్యార్థుల ఫీజులు చెల్లించే ఒక చిన్న ట్రస్టువారు తమ వెబ్‌సైటు పేరు చివర .com ఉండాలా, .in ఉండాలా, .org ఉండాలా అని ఇటీవల మమ్మల్ని అడిగారు. అమీర్‌పేటలో సైటు తయారుచేస్తున్న యువకుడు ".org అయితే దాతలు నమ్ముతారు" అన్నాడట.

ఆ మాట సగమే నిజం. తాము వ్యాపారం కాదని తెలిపేందుకు 2002లో వికీపీడియా .com విడిచి .orgకు మారింది. అయితే .orgను ఎవరైనా కొనవచ్చు; ట్రస్టు డీడు చూపమని అడిగేవారుండరు. .in భారతదేశాన్ని సూచిస్తుందే తప్ప ధర్మసంస్థ అని చెప్పదు. ట్రస్టువారు .org ఒక్కటే తీసుకుంటే, రమజాన్‌కు ముందు అదే పేరుతో .com కొని మరొకరు తమ క్యూఆర్ కోడ్ పెట్టవచ్చు. కనుక .orgను అసలు చిరునామాగా ఉంచి, తక్కిన రెండూ కొని దానివైపే మళ్ళించమన్నాము. రెండింటికే సొమ్ముంటే .inను వదలవచ్చు; అలవాటు కొద్దీ జనం .com అనే టైపు చేస్తారు.

పేరు ఎవరి ఈమెయిలుతో కొంటున్నారని కూడా అడిగాము. ఆ యువకుడిదేనట! అసలు చిక్కు ఇక్కడే ఉంది. గడువు హెచ్చరికలన్నీ ఆ ఈమెయిలుకే వెళతాయి. అతను ఊరు మారి వాటిని చూడకపోతే, కొంతకాలానికి ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. పేరు ట్రస్టు అమానతు. ఖాతా ట్రస్టు ఈమెయిలుతో, ట్రస్టు పేరునే తెరిచి, పాస్‌వర్డ్ ఇద్దరు బాధ్యుల వద్ద ఉంచమని చెప్పాము.