సింగరేణి సొమ్ముకు యజమాని ఎవరు?

మొగుళ్లపల్లి మండలంలో బోరు మోటారుతో చేనుకు నీళ్లు పెట్టే రైతుకు కరెంటు ఉచితం. అది సరఫరా చేసేది వరంగల్ కేంద్రంగా నడిచే ఉత్తర డిస్కం. డిస్కంలు కొనే కరెంటులో కొంత మంచిర్యాల జిల్లా జైపూర్‌లోని సింగరేణి 1,200 మెగావాట్ల కేంద్రం నుంచి వస్తుంది. రైతు కట్టని బిల్లును ప్రభుత్వం సబ్సిడీగా డిస్కంకు ఇవ్వాలి. ఆ సబ్సిడీని ముందుగానే చెల్లించాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెబుతోంది. అది ఆలస్యమైతే డిస్కం సింగరేణికి బాకీ పడుతుంది. ఆ బాకీ భారం చివరికి భూపాలపల్లి బాయిల్లో బొగ్గు తవ్వే కార్మికుడి కంపెనీ మీద పడుతుంది.

సింగరేణి వాటాల్లో 51 శాతం రాష్ట్రానివి, 49 శాతం కేంద్రానివి. అందుకే ఆ సొమ్మంతా ప్రభుత్వానిదేనని చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనుకోదు. ప్రభుత్వానిది వాటా మాత్రమే. తవ్వి తీసిన బొగ్గు, బ్యాంకులోని నగదు, రావలసిన బాకీ కంపెనీవి.

ఈ విషయం ఉమ్మడి రాష్ట్రం నుంచి వెళ్లిన కేసుల్లోనే తేలింది. ఆర్టీసీ ఆదాయం రాష్ట్ర ఆదాయమే కాబట్టి కేంద్రం పన్ను వేయకూడదన్న వాదనను 1964లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆర్టీసీ కంపెనీ కాదు, చట్టం కింద ఏర్పడిన కార్పొరేషన్. అయినా దాని ఉనికి వేరు, రాష్ట్రం ఉనికి వేరు అని కోర్టు తేల్చింది. 1999లో హైదరాబాద్ ఈసీఐఎల్ విషయంలోనూ అంతే. కేంద్రానిదైన కంపెనీ కాబట్టి వ్యవసాయేతర భూమి పన్ను వర్తించదన్న వాదన నిలవలేదు. వాటాలు ఎవరివైనా కంపెనీ వేరే వ్యక్తి.

కంపెనీకీ వాటాదారుకీ మధ్య ఉన్న ఈ తెర రెండు వైపులా పనిచేస్తుంది. సింగరేణి డబ్బును ప్రభుత్వం తన ఖజానాగా వాడుకోకుండా అది అడ్డుపడుతుంది. బాకీ వసూలుకు వెళ్లినప్పుడు మాత్రం అదే తెర ప్రభుత్వాన్ని కాపాడుతుంది. కరెంటు కొన్నది డిస్కం కాబట్టి బాకీదారు డిస్కమే. డిస్కం వాటాలన్నీ చేతిలో ఉన్నంత మాత్రాన ప్రభుత్వం బాకీదారు కాదు.

కోర్టులు ఆ తెర తొలగించవా? తొలగిస్తాయి. మోసానికో, పన్ను ఎగవేతకో, చట్టం నుంచి తప్పించుకోవడానికో కంపెనీని ముసుగుగా వాడినట్టు రుజువైతే తెర వెనక్కి చూస్తాయి. మోసం లేని చోట కూడా 1988లో రేణుసాగర్ కేసులో సుప్రీంకోర్టు తెర తీసింది. హిందాల్కో సొంతానికి మాత్రమే కరెంటు తయారుచేసే అనుబంధ కంపెనీని హిందాల్కోలో భాగంగానే పరిగణించింది. కానీ లక్షల మందికి కరెంటు అమ్మే డిస్కం అలాంటిది కాదు. ఆలస్యంగా చెల్లించడం ఒక్కటే మోసమూ కాదు. కాబట్టి ఈ దారిలో సింగరేణికి డబ్బు వస్తుందని నేను నమ్మను.

మిగిలింది డైరెక్టర్ల బాధ్యత. 2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్ ప్రకారం డైరెక్టరు సొంత విచక్షణతో, కంపెనీ మేలు కోసం, ఉద్యోగులను, వాటాదారులందరినీ, చుట్టూ ఉన్న సమాజాన్ని, పర్యావరణాన్ని దృష్టిలో పెట్టుకుని పనిచేయాలి. ప్రభుత్వం నామినేట్ చేసిన అధికారికీ ఇదే వర్తిస్తుంది. 2015లో కేంద్రం ప్రభుత్వ కంపెనీలకు చాలా సెక్షన్ల నుంచి మినహాయింపులిచ్చింది. రెండు ప్రభుత్వ కంపెనీల మధ్య లావాదేవీకి వాటాదారుల తీర్మానం అక్కర్లేదన్నది వాటిలో ఒకటి. 166వ సెక్షన్‌కు మాత్రం మినహాయింపు ఇవ్వలేదు. ఆలోచించే చేసిన పని ఇది అనిపిస్తుంది. వాటాదారుల కాపలా తీసేసిన చోట డైరెక్టరు కాపలా ఒక్కటే మిగిలింది.

అందుకే బోర్డు అడగాల్సిన ప్రశ్నలు చాలా మామూలువి. బాకీ ఎన్ని నెలలది? ఆలస్య రుసుము లెక్కించామా? వసూలుకు గడువు పెట్టామా? ఒకే అధికారి అమ్మే కంపెనీ బోర్డులోనూ కొనే కంపెనీ బోర్డులోనూ ఉంటే, ఆ విషయం ముందే చెప్పి ఆ చర్చకు దూరంగా ఉన్నారా? ఈ ప్రశ్నలు మినిట్స్‌లో కనిపించకపోతే డైరెక్టర్లు తమ పని చేయలేదని నేను అంటాను.

2024 సెప్టెంబరులో ముఖ్యమంత్రి సింగరేణి కార్మికులకు, విస్తరణకు పక్కన పెట్టగా మిగిలిన లాభాల్లో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు ప్రకటించారు. కార్మికుడికి ఆ వాటా న్యాయంగా రావలసిందే. అయితే అమ్మిన వెంటనే లెక్కల్లోకి వచ్చే లాభం వేరు, చేతికి వచ్చే నగదు వేరు. వార్షిక నివేదిక చూసే యూనియన్ నాయకులు లాభం దగ్గర ఆగకూడదు. వ్యాపార బాకీల పద్దును, నగదు ప్రవాహ పట్టికను పక్కపక్కన పెట్టుకోవాలి. లాభం పెరుగుతూ బాకీలు అంతకన్నా వేగంగా పెరిగితే, కంపెనీ తన డబ్బుతో ఇతరుల బండి నడుపుతోందని అర్థం.

కార్మికుడు వాటాదారు కాడు కాబట్టి, అణచివేత, దుర్నిర్వహణ పేరుతో 241వ సెక్షన్ కింద కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లలేడు. 49 శాతం వాటా ఉన్న కేంద్రం వెళ్లగలదు. అక్కడిదాకా పోకుండానే, ఆ వాటా తరఫున బోర్డులో కూర్చున్న డైరెక్టరు తర్వాతి సమావేశం ఎజెండాలో డిస్కంల బాకీని చేర్చమని రాతపూర్వకంగా కోరవచ్చు.