ఏకాదశి యే దినము?

ఏకాదశి రెండు దినములుగా పడిన పక్షమున దేవాలయ మంటపములయందు భజనకంటె వాదమే హెచ్చుగా వినబడుచుండును. మొదటి దినమున భుజించిన వైష్ణవులను జూచి స్మార్తులు “ఏకాదశినా డన్నము తినిరి” అందురు. ఆ దినమున నుపవసించిన స్మార్తులను జూచి వైష్ణవులు “దశమి తగిలిన దినమున నుపవసించిరి” అందురు. ఇరువురును తమ తమ శాస్త్రమునే చెప్పుచున్నారు. అయినను గత సంవత్సరము మా వీధిలో ఒకే యింటి తోడికోడండ్రు ఈ కారణముచే రెండు దినములు మాటాడుకొనలేదు.

భేదమంతయు దశమి యెప్పుడు ముగిసెనను ప్రశ్నయందే యున్నది. సూర్యోదయమునకు దశమి లేకున్న చాలునని స్మార్తుల మతము. సూర్యోదయమునకు ముందు నాలుగు గడియలు, అనగా 96 నిమిషములు, అరుణోదయకాలము. అందు దశమి లేశమైనను ఉండరాదని వైష్ణవుల మతము.

ఒక యుదాహరణము గైకొందము. మంగళవారము సూర్యోదయము 6 గంటలకు. కావున అరుణోదయము 4-24కు మొదలగును. దశమి 5-10కి ముగిసినది. సూర్యోదయమునకు ఏకాదశియే యున్నది గనుక స్మార్తులకు మంగళవారమే ఉపవాసము. అరుణోదయమున దశమి యుండెను గనుక వైష్ణవులకు బుధవారము. బుధవార ముదయమునకే ద్వాదశి వచ్చియున్నను వారు దానినే యుపవసింతురు. దశమి తెల్లవారుజామున 4 గంటలకే ముగిసియున్నచో సాధారణముగా ఇరువురకును మంగళవారమే యగును. 1790 ప్రాంతమున కాశీనాథోపాధ్యాయులు రచించిన ధర్మసింధువు ఈ రెండు వేధలను ప్రక్కప్రక్కనే చెప్పుచున్నది. ఒకదానిని మెచ్చి మఱియొకదానిని త్రోసివేయలేదు.

మా దేవాలయమువారు “ఏకాదశి బుధవారము” అని మాత్రము పలకపై వ్రాయుదురు. కలహమునకు ఆ రెండు మాటలే చాలును. వ్రాయవలసిన దిట్లు: “దశమి మంగళవారము తె. 5-10 వఱకు. సూర్యోదయము 6-00. సూర్యోదయవేధ పాటించువారికి మంగళవారము, అరుణోదయవేధ పాటించువారికి బుధవారము. ఈ గణితము ఫలాన పంచాంగము ననుసరించినది.” దీనిని ధ్వజస్తంభమునెదుట పక్షారంభముననే కట్టి, ఏకాదశి గడచువఱకు తీయకుండవలెను.

పంచాంగము పేరు తప్పక యుండవలెను. దృక్సిద్ధాంతమునకును పూర్వసిద్ధాంతమునకును తిథ్యంతమున కొన్ని గంటల భేదము రావచ్చును. అప్పుడు ఒకే సంప్రదాయమువారే రెండుగా చీలుదురు. అమెరికాలోని మనవారు ఇచ్చటి పలకను యథాతథముగా ఎత్తి వ్రాసికొనిన మఱింత పొరపాటు: అచ్చటి సూర్యోదయము వేఱు.

ఈ పలకవలన వేధలు రెండును ఒకటి కావు. ఎవరి గురువు వారికి ప్రమాణమే. అయితే తోడికోడండ్రలో నొకతె మంగళవారము ప్రొయ్యి వెలిగించినచో రెండవయామె పలకను జూచి యూరకుండగలదు. రాబోవు పక్షమున దీనిని వ్రాయించుటకు సుద్దముక్క ఖర్చు తప్ప ధర్మకర్తలకు వేఱు వ్యయము లేదు.