పండ్లు, కూరగాయలపై మందుల అవశేషాలు: ఉప్పు నీళ్లా, వంట సోడానా, ఏది పనిచేస్తుంది?

బజారు నుంచి ఆపిల్ పండ్లు రాగానే చాలా ఇళ్లలో ఒకటే తంతు. ఒకరు టబ్బులో గుప్పెడు ఉప్పు వేస్తారు, ఇంకొకరు పసుపు కలుపుతారు, మరొకరు ఏకంగా గిన్నెలు తోమే లిక్విడ్ పోసేస్తారు. ఫోన్లలో తిరిగే వీడియోల్లో చాకుతో ఆపిల్ తొక్కను గీకి, తెల్లటి పొర చూపించి ‘ఇదిగో విషం’ అని భయపెడతారు. ఈ పద్ధతుల్లో కొన్నింటికి ఆధారం ఉంది. చాలావాటికి లేదు.

ముందు ఆ తెల్లటి పొర సంగతి. ఆపిల్ చెట్టు మీద ఉన్నప్పుడే తనకు తాను మైనం తయారు చేసుకుంటుంది. ప్యాకింగ్ షెడ్లలో పండ్లను కడిగినప్పుడు అది కొంత పోతుంది. నీరు ఆరిపోకుండా, మెరుపు ఉండేలా పైన మరో పలుచని పూత వేస్తారు. మన దేశంలో తాజా పండ్లపై తేనెమైనం, కార్నాబా మైనం, లక్క నుంచి తీసే షెల్లాక్ పూతలకు ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి ఉంది. మైనం పూసినట్టు లేబుల్‌పై రాయాలన్న నియమమూ ఉంది. కానీ తోపుడు బండి మీద కొనే పండుకు లేబుల్ ఎక్కడిది? ద్రాక్షపై బూడిదలా కనిపించేది కూడా ఎక్కువసార్లు సహజమైన మైనమే. అది పండంతా సమానంగా ఉండి, వేలితో రుద్దితే పోతుంది. మందు చల్లిన మరక అయితే చుక్కలుగా, కారి ఎండిన గీతల్లా కాడల దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది.

ఒక పండుకు వేసే మైనం కొన్ని చుక్కలే. అది జీర్ణం కాకుండానే బయటికి పోతుంది కాబట్టి దాన్ని చూసి బెదరాల్సిన పని లేదు. అసలు ఇబ్బంది వేరే ఉంది. మైనం కింద మందు ఏదైనా మిగిలి ఉంటే నీళ్లు దాన్ని తేలిగ్గా చేరలేవు. మైనాన్ని సోడా, నిమ్మరసం కరిగించవు. గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి గరుకు గుడ్డతో రుద్దితే కొంత వస్తుంది. పూర్తిగా పోవాలంటే తొక్క తీయడమే మార్గం. కార్నాబా కరగాలంటే ఎనభై డిగ్రీలు దాటిన వేడి కావాలి, అంత వేడి నీళ్లు పోస్తే పండే ఉడికిపోతుంది.

ఇక మందుల విషయం. వీటిని రెండు రకాలుగా చూస్తే లెక్క సులువు. కొన్ని మందులు ఆకు, కాయ పైనే ఉండిపోతాయి, మాంకోజెబ్ అలాంటిది. కొన్ని మొక్క లోపలికి ఇంకి రసంతో పాటు తిరుగుతాయి, ఇమిడాక్లోప్రిడ్, థయామిథోక్సామ్ ఈ కోవకు చెందినవి. పైన ఉన్నదాన్నే కడగగలం. లోపలికి వెళ్లినదాన్ని ఉప్పు కాదు, సోడా కాదు, ఏ లిక్విడూ బయటికి లాగలేదు.

దీన్ని లెక్కలతో చూపించిన పరిశోధన ఒకటుంది. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2017లో గాలా రకం ఆపిల్ పండ్లపై థయాబెండజోల్, ఫాస్మెట్ అనే రెండు మందులు పూసి ఒక రోజు వదిలేశారు. తర్వాత కొన్నింటిని మామూలు నీళ్లలో, కొన్నింటిని బ్లీచ్ ద్రావణంలో, మిగతావాటిని ఒక శాతం వంట సోడా నీళ్లలో కడిగారు. సోడా నీళ్లే అన్నింటికన్నా బాగా పనిచేశాయి. పైన ఉన్న థయాబెండజోల్ పోవడానికి 12 నిమిషాలు, ఫాస్మెట్ పోవడానికి 15 నిమిషాలు పట్టింది. సోడా వల్ల నీళ్లకు క్షారగుణం వస్తుంది, ఈ రెండు మందులూ ఆ గుణానికి విరిగిపోతాయి. కానీ అప్పటికే థయాబెండజోల్‌లో 20 శాతం, ఫాస్మెట్‌లో 4.4 శాతం తొక్క లోపలికి ఇంకిపోయాయి. ఆ భాగాన్ని సోడా తాకలేకపోయింది.

ఈ ఫలితాన్ని పట్టుకుని ‘సోడాతో అన్నీ పోతాయి’ అని ప్రచారం చేయడమే తప్పు. పరీక్షించింది ఒక్క పండు, రెండే మందులు. మన పొలాల్లో చల్లే మందుల జాబితా వేరు, అన్నీ క్షారానికి విరిగేవి కావు.

మామూలు నీళ్లను తక్కువ అంచనా వేయడమూ సరికాదు. అమెరికాలోనే కనెక్టికట్ వ్యవసాయ పరిశోధనా కేంద్రం 2000లో ప్రచురించిన పరిశీలనలో, కుళాయి నీళ్ల కింద కడిగితే 12 మందుల్లో తొమ్మిదింటి అవశేషాలు తగ్గాయి. మందు నీళ్లలో కరిగే గుణానికీ, అది పోవడానికీ సంబంధం కనిపించలేదు. అంటే కరగడం కన్నా నీటి ధార, రాపిడి ముఖ్యమన్నమాట. తగ్గని మూడింటిలో మన రైతులకు బాగా తెలిసిన క్లోర్‌పైరిఫాస్ ఒకటి.

ఇప్పుడు ఇంట్లో కిలో ఆపిల్ పండ్లు ఉన్నాయనుకుందాం. కోయకుండా, తొడిమ తీయకుండా ఒక్కోదాన్ని కుళాయి కింద అర నిమిషం చేత్తో రుద్ది కడగాలి. తర్వాత రెండు లీటర్ల నీళ్లలో తలకొట్టిన నాలుగు టీస్పూన్ల వంట సోడా, అంటే దాదాపు 20 గ్రాములు కలిపి పండ్లు మునిగేలా 15 నిమిషాలు ఉంచాలి. మధ్యలో రెండుసార్లు తిప్పాలి. చివరిగా మళ్లీ మంచినీళ్లతో కడిగి పొడి గుడ్డతో తుడవాలి. రెండు నిమిషాలు ముంచి తీసేస్తే ఆ పరిశోధనలో వచ్చిన ఫలితం రాదు. బేకింగ్ పౌడర్ వేరు, వంట సోడా వేరు, డబ్బా చూసి తీసుకోవాలి. ముందే కోసి నానబెడితే పైన ఉన్న మందు నీళ్లతో పాటు లోపలికి వెళ్తుంది, విటమిన్లు బయటికి పోతాయి.

బిర్యానీకి తెచ్చిన కొత్తిమీర, పుదీనాకు ఈ పద్ధతి నప్పదు, ఆకు మెత్తబడిపోతుంది. వేర్లు కోసేసి, పెద్ద గిన్నెలో నీళ్లు పోసి ఆకును ఆడించి, పైకి తీసి వేరే పళ్లెంలో పెట్టాలి. నీళ్లు మార్చి మూడుసార్లు చేయాలి. గిన్నెనే వంచితే అడుగున చేరిన మట్టి మళ్లీ ఆకు మీదకే వస్తుంది.

ఉప్పు నీళ్లకు అంత పేరు రావడానికి కాలీఫ్లవర్ పురుగులే కారణం కావచ్చు. ఉప్పు వేయగానే పురుగులు తేలతాయి, శుభ్రమైపోయిందనిపిస్తుంది. ఉప్పుతో కొన్ని మందులు తగ్గుతాయి, పురుగులు పోయినంత మాత్రాన మందులన్నీ పోయినట్టు కాదు. పసుపు నీళ్లు మందుల్ని విరగ్గొడతాయనడానికి గట్టి ఆధారం లేదు. వెనిగర్ కొంత పనిచేసినా, బకెట్టుకు సరిపడా పోయాలంటే ఖర్చు ఎక్కువ. సబ్బు, డిటర్జెంట్ మాత్రం అసలు వద్దు. పండ్ల తొక్కలో సన్నని రంధ్రాలుంటాయి, సబ్బు వాటిలో చేరి కడుపులోకి పోతుంది. అమెరికా ఎఫ్‌డీఏ కూడా పండ్లకు సబ్బు వాడొద్దనే చెబుతోంది.

అసలు తేడా పొలంలోనే వస్తుంది. మందు డబ్బాపై చల్లిన తర్వాత ఎన్ని రోజులు ఆగి కోయాలో రాసి ఉంటుంది. బెండ, వంగ రెండు మూడు రోజులకోసారి కోతకొస్తాయి, కోతకు ఆగితే కాయ ముదిరి ధర పడిపోతుంది. రైతు ఆగలేడు, కొనేవాడికి తెలియదు. రాజేంద్రనగర్‌లో అవశేషాలు కొలిచే ప్రయోగశాల ఉన్నా, బండి మీద బెండకాయలు ఏ రోజు మందు చల్లినవో మన చేతికి వచ్చే కాగితం ఏదీ లేదు. అందుకే బెండ, వంగను తొడిమ దగ్గర ఎక్కువగా రుద్దాలి, మందు నీళ్లు జారి నిలిచేది అక్కడే.

ద్రాక్షను మాత్రం తెచ్చిన రోజే కడిగి ఫ్రిజ్‌లో పెట్టకూడదు, తేమకు బూజు పడుతుంది. ఇఫ్తార్‌కు ఎన్ని కావాలో అన్నే గుత్తి నుంచి కత్తిరించి, ఆ పూట కడిగితే చాలు.