అక్షరాలు కాదు, గుర్తులు చూసి రాయండి

తెలుగు లిపిలో ఆయతులు రాసిన కాగితాలు మన గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి. రెజైనాలో గోడౌన్లలో నైట్ షిఫ్టులు చేసే మాలో సగం మందికి అరబీ లిపి రాదు. బ్రేకులో ఆ కాగితమే చూసి కంఠస్థం చేస్తారు. తర్వాత మస్జిద్‌లో ఇమామ్ సాబ్ వెనక నిలబడితే ఆయన ఇంకేదో చదువుతున్నట్టు ఉంటుంది. "మనకు రాదులే" అని నేర్చుకోవడమే మానేసిన వాళ్లు మాలోనే ఉన్నారు. తప్పు వాళ్లది కాదు, మక్కీకి మక్కీ అక్షరాలు దించేసిన వాళ్లది అని మేము గట్టిగానే అంటున్నాం.

బఖరా సూరా 5వ ఆయత్ తీసుకోండి. కాగితంలో మొదటి మాట "ఊలాయిక". అలిఫ్ మీద పేష్ ఉంది, పక్కన వావ్ ఉంది, కాబట్టి దీర్ఘం పెట్టేశారు. మదీనా ముద్రణ తెరిచి చూడండి, ఆ వావ్ నెత్తిన చిన్న సున్న ఉంటుంది. ఈ అక్షరం రాతకే గానీ నోటికి కాదని దాని అర్థం. లామ్ తర్వాత మాత్రం మామూలు అలిఫ్ లేదు, నిలువుగా చిన్న గీత ఉంది. అదే దీర్ఘం. దాని మీద అల లాంటి మద్ గుర్తు కూడా ఉంది, అంటే మామూలు దీర్ఘం రెండు లెక్కలైతే ఇక్కడ నాలుగో ఐదో లాగాలి. కాబట్టి "ఉలాాఇక" అని రాయాలి. రెండు దీర్ఘాలు ఎందుకు పెట్టామో కింద ఒక్క ముక్క రాస్తే చాలు.

ఆ ఆయతులోనే ఇంకో చోట కాగితం "హుదన్ మిన్ రబ్బిహిమ్" అంటుంది. ఖారీ నోట మీరు ఒక్క న్ కూడా వినరు. ముద్రణలో చూస్తే దాల్ మీద దో జబర్ ఒకదానిమీద ఒకటి సరిగ్గా లేవు, కాస్త పక్కకు జరిగి ఉన్నాయి. తర్వాతి మీమ్ మీద తష్దీద్ ఉంది. అంటే న్ పోయి మ్ అయింది, ముక్కులో రెండు లెక్కలు ఆగాలి. "మిన్"లోని నూన్ మీద ఏ గుర్తూ లేదు, తర్వాతి రే మీద తష్దీద్ ఉంది. ఇక్కడ న్ పూర్తిగా ర్‌లో కలిసిపోతుంది, ముక్కు పనిలేదు. "హుదమ్ మిర్రబ్బిహిమ్" అని రాయండి, ఇమామ్ సాబ్ చదివేది అదే. ఊపిరి చాలక "హుదన్" దగ్గరే ఆగితే అది "హుదా" అవుతుంది, అదీ పక్కన రాయాలి.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఊళ్లో మనం చదివిన హిందుస్తానీ ముద్రణలో ఇదే నూన్ మీద జజమ్ ఉంటుంది. అయినా న్ పలకం, రే మీద తష్దీద్ చూసే కలిపేస్తాం. మదీనా ముద్రణలో మాత్రం నూన్ మీద జజమ్ కనిపిస్తే న్ స్పష్టంగా పలకాలనే. ఒక ముద్రణ లెక్క ఇంకోదానికి వేస్తే తప్పు మీద తప్పు. కాబట్టి ఏ ముద్రణ చూసి రాశారో చెప్పని కాగితాన్ని మేము నమ్మం.

"అల్లాహ్ కలామ్‌లో అక్షరాలు మారుస్తారా" అని ఒక పెద్దమనిషి మా మీద లేచారు. మార్చేది ఎవరు చాచా? అరబీ వరుస పైన అలాగే ఉంటుంది. "మిన్ బఅది" అని వచ్చే చోట నూన్ మీద చిన్న మీమ్ రాసి, మ్ అని చదువు అని ముద్రణే చెబుతోంది. "వాడు ఎక్కడ" అని రాసి ఉన్నా మనం వాడెక్కడ అనడం లేదా?

నిజానికి దీనికి తెలుగు లిపే బాగా పనికొస్తుంది. "మిం బఅది" అని సున్నా పెడితే బ ముందు అది దానంతటదే మ్ అవుతుంది. అయితే యే ముందు సున్నా పెట్టకండి. "మన్ యఖూలు"ని "మం యఖూలు" అని రాస్తే సంయమనంలో లాగా మ్ వచ్చేస్తుంది. అక్కడ "మయ్యఖూలు" అని రాసి, య్‌ని ముక్కుతో పలకమని గుర్తు పెట్టాలి.

రెండు రకాల హ, ఖాఫ్ కాఫ్ తేడా తెలుగులో కుదరవు. వాటికి కింద చుక్క పెట్టి, చెవితో నేర్చుకోమని చెప్పండి. అది కాగితం పని కాదు, ఉస్తాద్ పని.

ఇకనుంచి మా గ్రూపులో పెట్టే ప్రతి కాగితం మీద అరబీ వరుస, ముద్రణ పేరు, ఆగే చోటు మూడూ ఉండాలి. లేని వాటిని పెట్టిన రోజే తీసేస్తాం, ఎవరు పంపినా సరే.