పదానికి ఎంత?

అనువాదానికి పదానికి ఎంత తీసుకోవాలి అంటే మన క్లాసులో వచ్చే మొదటి జవాబు, "మిగతావాళ్ళు ఎంత తీసుకుంటున్నారు?" అని. ఆ మిగతావాళ్ళు కూడా ఇంకెవరినో అడిగి చెప్పినవాళ్ళే. ముందు గంటలు లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే పదానికి రేటు కట్టాలని నా అభిప్రాయం. మా పిన్నమ్మ చేసిన ఒక పని లెక్క నా దగ్గర ఉంది కాబట్టి ధైర్యంగా చెబుతున్నా.

మాది పళవేర్కాడు. నాన్న వైపు తమిళం, అమ్మ వైపు తెలుగు. మా సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది, ఇటు కొస మాత్రం తిరువళ్ళూరు జిల్లాలో. కాబట్టి ఇక్కడ తమిళంలో రాసిన కాగితం తడ, సూళ్ళూరుపేట వైపు వెళ్ళాలంటే తెలుగు కావాలి. ఒక సంస్థవాళ్ళు చేపలుపట్టే కుటుంబాల కోసం తయారుచేసిన చిన్న పుస్తకాన్ని పిన్నమ్మకి ఇచ్చారు. 3,000 తమిళ పదాలు. పదానికి 1 రూపాయి అన్నారు. "మీ ఇంట్లో రెండు భాషలూ మాట్లాడతారు కదమ్మా, చదువుతూ చెప్పుకుంటూ పోవడమే" అన్నారు. ఈ మాట మీలో ఎంతమంది విన్నారో నాకు తెలుసు.

పిన్నమ్మ నోటుబుక్కులో ప్రతి పనికీ టైము రాసిపెడుతుంది. ఆ పుస్తకం మొత్తం ఒకసారి చదివి కష్టమైన మాటలు గుర్తుపెట్టుకోవడానికి గంటన్నర. మొదటి ప్రతి రాయడానికి 10 గంటలు, అంటే గంటకి 300 పదాలు. తెలియని మాటల కోసం నిఘంటువులు, ఫోన్లు రెండున్నర గంటలు. మూలం పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం సరిచూడ్డానికి 3 గంటలు. మూలం మూసేసి తెలుగు ఒక్కటే పైకి చదువుకుని దిద్దడానికి గంటన్నర. వాళ్ళు తిప్పి పంపిన సవరణలకి ఇంకో గంటన్నర. మొత్తం 20 గంటలు.

రాయడం అందులో సగమే! రేటు చెప్పేటప్పుడు మనం లెక్కేసేది ఆ సగాన్నే. 3,000 రూపాయలకి 10 గంటలంటే గంటకి 300, బాగానే ఉందనిపిస్తుంది. నిజానికి వచ్చేది 150.

మరి ఎంత అడగాలి? పిన్నమ్మకి నెలకి 20,000 చేతికి రావాలి. కరెంటు, ఇంటర్నెట్టు, ప్రింట్లు కలిపి 2,000 ఖర్చు. ఇంటి పనీ, పని వెతుక్కోవడం, డబ్బుల కోసం ఫోన్లు చెయ్యడం పోను, నిజంగా డబ్బులొచ్చే పని నెలకి 80 గంటలు మించి కుదరదు. 22,000ని 80తో భాగిస్తే గంటకి 275. ఈ పుస్తకానికి 20 గంటలంటే 5,500. దాన్ని 3,000 పదాలకి పంచితే పదానికి ఇంచుమించు 1 రూపాయి 85 పైసలు. ఎవరినీ అడక్కుండానే వచ్చిన రేటు ఇది.

అయితే ఈ 1.85ని కంఠస్థం చేసుకుని ప్రతి పనికీ చెప్పకూడదు. ఎందుకంటే 3,000 పదాలూ ఒక్కలాంటివి కావు. సరస్సు గురించీ, పక్షుల గురించీ, పొదుపు గురించీ ఉన్న 2,400 పదాలకి 13 గంటలే పట్టింది. మిగిలిన 600 పదాలు, అంటే చేపల హక్కుల భాగం, 7 గంటలు తినేసింది.

ఆ భాగంలో 'పాడు' అనే మాట ఉంది. మా వైపు పాడు అంటే, ఊళ్ళవాళ్ళు తమలో తాము చీట్లు వేసుకుని సరస్సులో ఎవరి వల ఏ చోట పడాలో వంతులు పెట్టుకునే పద్ధతి. ఆ చోటునీ పాడు అనే అంటారు. ఇది అలాగే తెలుగులో పెడితే చదివేవాళ్ళకి ఏమనిపిస్తుంది? "పాడు ఉన్న కుటుంబాలు" అంటే చెడిపోయిన కుటుంబాలు అనుకోరూ! హక్కు అని రాస్తే అర్థం సగమే. వాటా అంటే చేపల్లో వాటా అనుకుంటారు. పిన్నమ్మ సరస్సుకి అటు వైపు తెలిసినవాళ్ళకి ఫోన్లు చేసి, చివరికి మాట అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట "వంతు ప్రకారం వల వేసే చోటు" అని విడమరిచింది. ఆ తర్వాత పుస్తకమంతా వెతికి ప్రతిచోటా సరిచేసింది. ఒక్క మాటకి 40 నిమిషాలు. నండు అంటే పీత అని రాయాలా, ఎండ్రకాయ అని రాయాలా అన్నది ఇంకో పంచాయితీ. నెల్లూరు, తిరుపతి వైపు ఎండ్రకాయే వాడుక కాబట్టి అదే పెట్టింది. సరస్సు పేరే చూడండి, పళవేర్కాడు, పులికాట్, ప్రళయకావేరి. స. వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చదివినవాళ్ళకి మూడో పేరు ముద్దుగానే ఉంటుంది, కానీ సంస్థ పుస్తకం అట్ట మీద ఏది ఉండాలో ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించాలి కదా.

గంటకి 275 లెక్కన తేలిక భాగం పదానికి 1.50, కష్టమైన భాగం 3.20 దాకా వస్తుంది. రేపు ఆ సంస్థే 3,000 పదాల హక్కుల పత్రం తెచ్చి "పోయినసారి 1.85 కదా" అంటే పిన్నమ్మ మునిగిపోతుంది. అందుకే కాగితం చూడకుండా ఫోన్లో రేటు చెప్పొద్దు. మధ్యలో నుంచి ఒక పేజీ తీసుకుని, అరగంట పనిచేసి, ఎన్ని పదాలు సాగాయో చూసి అప్పుడు చెప్పాలి. మొదటి పేజీ పనికిరాదు, ముందుమాటలు ఎప్పుడూ తేలికే.

ఇంకో చిక్కు, పదాలు ఏ భాషలో లెక్కపెట్టాలి అన్నది. తమిళం నుంచి తెలుగుకైతే పెద్ద తేడా రాదు, రెండూ ప్రత్యయాలు అతికించుకునే భాషలే. ఇంగ్లీషులో 'ఇన్ ద లేక్' మూడు పదాలు, మనకి 'సరస్సులో' ఒక్కటే. ఇంగ్లీషు నుంచి చేసి తెలుగు పదాలకి డబ్బులు తీసుకుంటే అదే పనికి తక్కువ వస్తుంది. మూలంలోని పదాలనే లెక్కపెట్టమనాలి. అలాగైతే పని మొదలుకాకముందే మొత్తం ఎంతో ఇద్దరికీ తెలుస్తుంది.

గడువు సంగతి. వాళ్ళు శుక్రవారం సాయంత్రం ఇచ్చి సోమవారం పొద్దున కావాలన్నారు. రోజుకి 10 గంటలు కూర్చుంటే పిన్నమ్మ వేగం గంటకి 300 నుంచి 250కి పడిపోతుందని పాత నోటుబుక్కే చెబుతోంది. 20 గంటల పని 24 అవుతుంది. ఆ 4 గంటలకే 1,100, అంటే 20 శాతం. ఆదివారం పోయినందుకూ, వేరేవాళ్ళ పని వెనక్కి నెట్టినందుకూ ఇంకో 10 వేసి 30 శాతం ఎక్కువ అడగడం న్యాయమే అంటాను. అప్పుడు పదానికి 2.40 అవుతుంది. డబ్బులిచ్చినా కొనలేనిది ఒకటుంది. రాసినదాన్ని ఒక రాత్రి పక్కన పెట్టి చూస్తేనే తప్పులు కనిపిస్తాయి. ఆ రాత్రి లేకపోతే ఇంకొకరి కళ్ళు కావాలి, వాళ్ళకీ ఇవ్వాలి.

చిన్న సంస్థలు అంత ఇవ్వలేవని మీరు అంటారు. నిజమే. అలాంటప్పుడు పదాలు తగ్గించమనండి, గడువు పెంచమనండి. దిద్దుబాటు మాత్రం తగ్గించొద్దు, ఎందుకంటే బేరంలో మొదట ఎగిరిపోయేది అదే, అది పోయినట్టు అచ్చయ్యేదాకా ఎవరికీ కనిపించదు. ఒక విడత సవరణలు రేటులోనే అని చెప్పి, మూలమే మార్చి పంపితే గంటకి 275 అని ముందే కాగితం మీద రాయించుకోవాలి.

పిన్నమ్మ నోటుబుక్కు తీసి ఈ లెక్కంతా వాళ్ళకి చూపించింది. 30 శాతం ఇవ్వలేమన్నారు. ముందుమాటా, పక్షుల పేజీలూ తీసేసి 2,300 పదాలు చేశారు, కష్టమైన 600 పదాలకి 3.20 ఒప్పుకున్నారు. గడువు వచ్చే శనివారానికి జరిగింది.