ఫొటో చెరిపితే చెరిగిపోతుందా?

నిఖా, వలీమాల్లో ఆడవారి వైపు తీసే ఫొటోల విషయంలో మన ఇళ్లలో చాలాచోట్ల ఒక కట్టుబాటు ఉంది. తీసేది ఇంటి ఆడపిల్లో, మహిళా ఫొటోగ్రాఫరో అయి ఉంటుంది. ఆల్బమ్ ఎవరికి చూపాలో అమ్మీ, నానీ నిర్ణయిస్తారు. అవే ఫొటోలు ఒక యాప్‌లోకి ఎక్కించేటప్పుడు మాత్రం ఎవరినీ అడగడం లేదు. పాటతో సహా వీడియో ఉచితంగా తయారవుతుందని తెలిస్తే చాలు, ఇంట్లో కుర్రవాడు ఫోనులోని ఫొటోలన్నీ దానికి అప్పగిస్తాడు. వీడియో చూసి అందరూ సంతోషిస్తారు. ఆ తర్వాత ఆ ఫొటోలు ఏమయ్యాయని మాత్రం ఎవరూ అడగరు.

ఫొటోల గురించి మనవాళ్లకు ఒక భయం ఇప్పటికే తెలుసు. 2021 జులైలోనూ, మళ్లీ 2022 జనవరిలోనూ కొందరు దుర్మార్గులు ముస్లిం మహిళల ఫొటోలను సామాజిక మాధ్యమాల నుంచి ఎత్తుకుపోయి, 'వేలం' అంటూ యాప్‌లలో పెట్టి అవమానించారు. అలాంటివారి చేతికి చిక్కకుండా ఖాతాకు తాళం వేసుకోవడం అవసరమే. కానీ ఆ తాళం ఆపేది బయటివారిని. మనమే చేతులారా ఫొటోలు అప్పగించిన కంపెనీని అది ఆపదు. మేము చెప్పదలచింది ఈ రెండో వాకిలి గురించే.

అమెరికాలో ఎవర్ అనే యాప్ ఉండేది. ఫోనులో చోటు చాలనివారు తమ ఫొటోలను అందులో దాచుకునేవారు. ప్రపంచమంతటా సుమారు కోటీ ఇరవై లక్షల మంది దాన్ని ఫోన్లలో పెట్టుకున్నారు. 2017 ఫిబ్రవరిలో అందులో కొత్త సదుపాయం వచ్చింది. ఒకే మనిషి ఉన్న ఫొటోలన్నిటినీ అదే గుర్తుపట్టి ఒకచోట చేర్చిపెట్టేది. చూడటానికి ముచ్చటైన పనే. అయితే దీని వెనుక జరిగేది తెలుసుకోవాలి.

ముఖాన్ని గుర్తుపట్టాలంటే యంత్రం దాని పోలికలను అంకెల వరుసగా మార్చుకుంటుంది. బొటనవేలి ముద్ర వంటిదే ఈ ముఖముద్ర. అదే మనిషి మరో ఫొటోలో కనిపిస్తే రెండు వరుసలను పోల్చి ఒకరేనని తేలుస్తుంది. ఇలా గుర్తుపట్టడం యంత్రానికి బాగా రావాలంటే లక్షల ముఖాలతో దానికి తర్ఫీదు ఇవ్వాలి. ఎవర్ కంపెనీ చేసింది అదే. 2017 సెప్టెంబరు నుంచి 2019 ఆగస్టు వరకు, జనం దాచుకున్న ఫొటోల నుంచి లక్షలాది ముఖాలను తీసి, బయట దొరికే ముఖాల సేకరణలతో కలిపి తన యంత్రానికి తర్ఫీదు ఇచ్చింది. ఆ విద్యను ఇతర సంస్థలకు అమ్మకానికి పెట్టింది.

అమెరికా ప్రభుత్వ వాణిజ్య నియంత్రణ సంస్థ దీనిపై విచారించి 2021లో ఉత్తర్వు ఇచ్చింది. విచారణలో మరో సంగతి బయటపడింది. ఖాతా మూసేస్తే ఫొటోలు చెరిపేస్తామని కంపెనీ మాట ఇచ్చింది. కానీ కనీసం 2019 అక్టోబరు వరకు ఒక్కరివీ చెరపలేదు. అందుకే ఉత్తర్వు మూడు ఆదేశాలు ఇచ్చింది. ఖాతా మూసినవారి ఫొటోలు చెరపాలి. స్పష్టమైన అనుమతి లేకుండా తీసిన ముఖముద్రలు చెరపాలి. ఆ ఫొటోలతో తర్ఫీదు పొందిన యంత్రవిద్యనూ చెరపాలి. ఫొటో చెరిపినంత మాత్రాన దానినుంచి నేర్చుకున్నది పోదని ఈ మూడో ఆదేశమే చెబుతోంది. ఈ ఉత్తర్వు వచ్చేనాటికి యాప్ మూతపడి కొన్ని నెలలైంది.

ఇక్కడ మనవారు గమనించవలసింది మరొకటి ఉంది. యాప్ పెట్టుకున్నవారు కనీసం ఒక షరతుల పత్రానికి సరేనన్నారు. వారి ఫొటోల్లో ఉన్న తల్లులు, చెల్లెళ్లు, పసిపిల్లలు దేనికీ సరే అనలేదు. మన ఇళ్లలోనూ ఇదే పరిస్థితి. పెళ్లికూతురు ఎంత జాగ్రత్తగా ఉన్నా, ఖాలా కూతురి ఫోనులో అవే ఫొటోలు ఉంటాయి. ఆ ఫోనులోని యాప్‌కు ఎవరు ఏ అనుమతి ఇచ్చారో పెళ్లికూతురికి తెలియదు. ఒకరి ఇంట్లోకి అడుగుపెట్టే ముందు అనుమతి అడగాలని సూరె నూర్ మనకు నేర్పింది. ఒకరి ముఖాన్ని మరొకరి ఇంటికి పంపే ముందు అడగనవసరం లేదా?

మన దేశంలో వ్యక్తుల సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి అప్పటినుంచి 18 నెలల గడువు పెట్టారు. 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలనీ, ఇచ్చిన సమాచారం చెరపమని అడగవచ్చనీ ఆ చట్టం చెబుతోంది. మంచిదే. కానీ చట్టం పనిచేసేది సాధారణంగా ఫొటో చెయ్యి దాటిన తర్వాత. చెయ్యి దాటకముందు నిర్ణయం ఇంటివారిదే.

ఆ నిర్ణయం ఎక్కడ జరుగుతుందో చూద్దాం. యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఫొటోలు చూడనివ్వాలా అని ఫోను అడుగుతుంది. కొత్త ఫోన్లలో ఎంచుకున్న ఫొటోలు మాత్రమే చూపే వీలుంది. వీడియోకు పది ఫొటోలు కావాలంటే పదింటినే చూపాలి. తొందరలో అన్నిటికీ సరే అంటే, ఆధార్ ఫొటో నుంచి ఇంట్లో తల కప్పుకోకుండా ఉన్న అమ్మీ ఫొటో వరకు అన్నీ దానికి అందుబాటులోకి వస్తాయి. గతంలో అలా అని ఉంటే ఫోను సెట్టింగుల్లో ఆ యాప్ పేరు మీద నొక్కి అనుమతిని ఇప్పుడైనా తగ్గించవచ్చు.

ఫొటోలు మన ఫోనులోనే తయారవుతున్నాయా, బయటికి పోతున్నాయా అని తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఇంటర్నెట్ ఆపేసి యాప్‌ను పనిచేయించి చూడాలి. పని ఆగిపోతే ఫొటోలు కంపెనీ కంప్యూటరుకు పోతున్నట్లు అనుమానించాలి. ఆగకపోయినా పూర్తి భరోసా లేదు. నెట్ వచ్చాక పంపవచ్చు. అందుకే ఆడవారి వైపు ఫొటోలతో ఆల్బమ్ చేయించాలంటే తెలిసినవారి చేత కంప్యూటరులోనే చేయించడం మేలని మా అభిప్రాయం.

గూగుల్ ఫొటోస్ వాడేవారు ఒకే పోలిక ముఖాలను గుంపు చేసే ఏర్పాటును సెట్టింగుల్లో ఆపేయవచ్చు. ఆపేస్తే అది తయారుచేసిన ముఖ నమూనాలనూ చెరిపేస్తామని ఆ కంపెనీ చెబుతోంది. అందులో దాచిన ఫొటో చెరిపినా 60 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది. అక్కడినుంచి కూడా తీసివేయాలి.

ఇక ఏ యాప్ అయినా ఫోనులోంచి తీసేస్తే పోయేది మన ఫోనులోని యాప్ మాత్రమే. కంపెనీ దగ్గరున్న ఫొటోలు అక్కడే ఉంటాయి. ముందు ఫొటోలు, తర్వాత ఖాతా చెరిపి, చెరిపినట్లు రాతపూర్వకంగా తెలపమని అడిగి, ఆఖరున యాప్ తీసేయాలి. జవాబు రాకపోతే ఆ కంపెనీ సంగతి నలుగురికీ చెప్పాలి.

దుబాయిలో, జెద్దాలో కష్టపడే అబ్బాజాన్‌కు పిల్లల ఫొటోలు పంపవద్దని మేము అనడం లేదు. ఆయన కళ్లు వాటి కోసం ఎదురుచూస్తుంటాయి. మనిషికి పంపడం వేరు, ఎవరిదో తెలియని యాప్‌కు అప్పగించడం వేరు. ఫొటో ఎవరి ఫోనులో ఉన్నా అందులోని మనిషి మనకు అప్పగించిన అమానత్ అది. దాన్ని మరొకరి చేతిలో పెట్టే ముందు ఆమెను అడగడం, ఆమె వద్దంటే మానుకోవడం ప్రతి ఇంటా నియమం కావాలి.