వణుకు వేరు, కుదుపు వేరు

ఒక చిన్న సినిమాకు పని చేసి నేను పంపిన బిల్లులో ఒక వరుసను ప్రొడ్యూసర్ గారు ఎర్ర పెన్నుతో కొట్టేశారు. ఆ వరుస ఇది: ‘ముఖం వణుకు తీయడం, మూడు రోజులు.’ అడిగితే, “ముఖం మార్చింది కంప్యూటర్ కదా బాబూ, వణుకు తీయడానికి మళ్లీ డబ్బులేంటి?” అన్నారు. డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ మూడు రోజుల్లో జరిగింది పనే కాదన్నట్టు మాట్లాడారే, అది ఇప్పటికీ మింగుడు పడలేదు.

షాట్ ఆరు సెకన్లు. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద సర్వీసు రోడ్డులో హీరో ఆటో నడుపుతూ వస్తాడు. ఆ కుర్రాడికి ఆటో నడపడం రాదు. అందుకని డూప్ చేత నడిపించి, ఇద్దరి ఒప్పుదలా కాగితం మీద తీసుకుని, హీరో ముఖాన్ని డూప్ మీద పెట్టాం. ఒప్పుదల మాట ఎందుకు ఎత్తానంటే, 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని ఇంకొకరి వీడియో మీద అతికించి వదిలిన దగ్గర్నుంచి మా పని పేరు చెబితేనే జనం అనుమానంగా చూస్తున్నారు.

సెకనుకు 25 ఫ్రేములు, మొత్తం 150. ప్రతి ఫ్రేములోనూ ప్రోగ్రాము ముఖం మీద 68 చుక్కలు పెడుతుంది. కళ్ల మూలలు, ముక్కు, పెదవులు, దవడ అంచు. ఆ చుక్కలను బట్టే కొత్త ముఖం ఎక్కడ కూర్చోవాలో, ఎంత వంగాలో లెక్క కడుతుంది. చిక్కంతా ఎక్కడంటే, ప్రతి ఫ్రేమునూ అది అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూస్తుంది. కిందటి ఫ్రేములో కంటి మూల ఎక్కడ పెట్టిందో దానికి గుర్తుండదు. మనిషి కదలకుండా కూర్చున్నా చుక్క ఒక పిక్సెల్ ఇటు, ఒక పిక్సెల్ అటు పడుతూ ఉంటుంది.

ఒక పిక్సెలే కదా అంటారు. మా షాట్‌లో రెండు కళ్ల మధ్య దూరం 70 పిక్సెళ్లు. ఒక కంటి చుక్క ఒక పిక్సెల్ పైకి జరిగితే ముఖం మొత్తం డిగ్రీలో ఐదింట నాలుగు వంతులు తిరుగుతుంది. కంటికి 90 పిక్సెళ్ల కింద ఉన్న గడ్డం ఆ తిప్పుకు పిక్సెలుకు పైగా పక్కకు జరుగుతుంది, నుదురేమో అవతలి వైపుకు. మరుసటి ఫ్రేములో ఇదే తిరగబడుతుంది. ఇలా సెకనుకు 25 సార్లు. థియేటర్ తెర మీద చూస్తే హీరో చలిజ్వరంతో ఆటో నడుపుతున్నట్టుంది.

దీనికి అందరూ మొదట చేసేది ఒకటే వరుస కోడ్:

```
y = a * x + (1 - a) * y
```

`x` అంటే ఈ ఫ్రేములో దొరికిన చోటు, `y` అంటే మనం నమ్మే చోటు. `a` విలువ 0.2 పెడితే కొత్త కొలతను ఐదో వంతే నమ్ముతాం, మిగతాదంతా పాత జ్ఞాపకం. వణుకు మూడో వంతుకు దిగుతుంది. కానీ తల కదిలినప్పుడు ఈ లెక్క నాలుగు ఫ్రేములు వెనకబడుతుంది. సర్కిల్ దగ్గర డూప్ తల తిప్పిన వేగం ఫ్రేముకు 10 పిక్సెళ్లు. అంటే తల ముందుకు పోయింది, హీరో ముఖం 40 పిక్సెళ్లు వెనక ఉండిపోయింది. ముక్కు ఉండాల్సిన చోట చెంప కనిపించింది.

నేరుగా ప్రసారమయ్యే వీడియోలో అయితే వేగాన్ని బట్టి `a` ను మార్చే పద్ధతి ఉంది. 2012లో వచ్చిన వన్ యూరో ఫిల్టర్ చేసేది అదే. మాది ముందే తీసిన షాట్, రాబోయే ఫ్రేములు కూడా నా చేతిలోనే ఉన్నాయి. అందుకని ముందు నాలుగు, వెనక నాలుగు, మధ్యలోది కలిపి తొమ్మిదింటి సగటు తీశాను. వణుకు అదే మూడో వంతుకు దిగింది, నిలకడగా తిరిగే తల వెనక ముఖం మాత్రం ఆలస్యం కాలేదు. కట్ వచ్చిన చోట సగటును తెంపాలి, లేకపోతే పక్క షాట్‌లోని తల ఈ షాట్‌లోకి లాగుతుంది.

అక్కడితో అయిపోతే ఒక్క రోజు పనే. డూప్ “బందరు రోడ్డా?” అని అడిగే చోట రెండో తప్పు బయటపడింది. ‘బ’ అనడానికి మూసిన పెదవులు వెంటనే తెరుచుకుంటాయి, రెండు మూడు ఫ్రేముల్లో దవడ దిగిపోతుంది. 68 చుక్కలకూ సగటు తీయడంతో మాస్క్ అంచు దవడతో పాటు దిగలేదు. హీరో గడ్డం కింద డూప్ గడ్డం బయటికొచ్చింది. అప్పుడు తెలిసింది, నునుపు చేయాల్సింది చుక్కలను కాదని. ముఖం కూర్చునే తీరును చెప్పే నాలుగు అంకెలను మాత్రమే నునుపు చేయాలి: అడ్డం, నిలువు, సైజు, వంపు. వాటిని కూడా కంటి మూలలు, ముక్కు నుంచే తీసుకోవాలి. రెప్పలూ పెదవులూ దవడా వాటి మానాన అవి కదలాలి.

మూడో రోజు కథ వేరు. సర్వీసు రోడ్డు గుంతల్లో ఆటో ఎగిరెగిరి పడింది. డూప్ తల, చెవులు, కాలర్, వెనక రెగ్జిన్, అన్నీ కుదుపుకు ఎగిరాయి. నేను నునుపు చేసిన ముఖం మాత్రం నీళ్ల మీద తేలుతున్న బొమ్మలా నిమ్మళంగా ఉండిపోయింది. వణుకు ప్రోగ్రాము తప్పు, కుదుపు రోడ్డు నిజం. సగటుకు ఆ తేడా తెలియదు, రెంటినీ ఒకే చీపురుతో ఊడ్చేస్తుంది.

ఆ తేడా చెప్పగలిగింది డూప్ చెవి. చెవి మేం మార్చలేదు, అది తలతో పాటే కదులుతుంది. చెవి మీద, చెవి పక్కన జుట్టు మీద ఆరు గుర్తులు పెట్టి ఆప్టికల్ ఫ్లోతో ఫ్రేము ఫ్రేముకూ వెంబడించాను. ఈ పద్ధతి పిక్సెల్‌లో చిన్న భాగం కదలికను కూడా పట్టుకుంటుంది కాబట్టి వణకదు. కానీ పోనుపోను మెల్లగా దారి తప్పుతుంది. చుక్కలు దారి తప్పవు కానీ వణుకుతాయి. అందుకని చెవి ఎక్కడుందో, ముఖం ఎక్కడుందో చూసి, ఆ రెండింటి మధ్య తేడాకు మాత్రమే సగటు తీసి, చెవి కదలికను మళ్లీ కలిపాను. గుంతకు ముఖం తలతో పాటే ఎగిరింది. డూప్ తల తిప్పి చెవి కనుమరుగైన పదకొండు ఫ్రేముల్లో మాత్రం ఏ లెక్కా పనికి రాలేదు, ఒక్కొక్కటీ చేత్తో సరిచేశాను.

సరిగ్గా వచ్చిందో లేదో కంటితో తేల్చలేం, నాలుగుసార్లు చూస్తే కన్ను అలవాటు పడిపోతుంది. నేను ప్రతి ఫ్రేములోనూ ముక్కు మీదుగా ఒకే ఒక అడ్డ వరుస పిక్సెళ్లు కోసి, 150 వరుసలను ఒకదాని కింద ఒకటి పేరుస్తాను. మొదటి రోజు ఆ బొమ్మలో చెంప అంచు రంపం పళ్లలా ఉంది. మూడో రోజు సాయంత్రానికి చెంప గీత, చెవి గీత పక్కపక్కనే రైలు పట్టాల్లా నడిచాయి. గుంత వచ్చిన చోట రెండూ కలిసే వంగాయి.

1964లో ‘రాముడు భీముడు’ లాంటి ద్విపాత్రాభినయం సినిమాలు తీసిన రోజుల్లో మాస్క్ షాట్ అంటే కెమెరా వెంట్రుకవాసి కదలకూడదు. కదిలితే రెండు సగాల అతుకు బయటపడేది. కెమెరా బిగించిన మనిషి పనిని ఆ రోజు ఎవరూ ‘ఊరికే కదలకుండా చూడటం’ అనలేదు, ఎందుకంటే అది చెడితే ఏమవుతుందో సెట్‌లో అందరికీ తెలుసు. మా పని చెడితేనే కనిపిస్తుంది, కుదిరితే మాయమైపోతుంది. మా సినిమా టైటిల్స్‌లో ముఖం మార్చే సాఫ్ట్‌వేర్ పేరు వేశారు. ఆ సాఫ్ట్‌వేర్ నాకిచ్చింది వణికే ముఖం.

అదే ప్రొడ్యూసర్ గారు మళ్లీ పిలిచారు. ఈసారి గోదారి లంకల్లో పడవ షాట్. ఒప్పుకున్నాను. కొటేషన్‌లో మొదటి వరుసగా అదే రాశాను: ముఖం వణుకు తీయడం, నాలుగు రోజులు. పక్కనే, అడ్వాన్స్ ముందు.